ముప్పై మందే ఎందుకు?

‘ఈ పరిశోధనకు యాదృచ్ఛిక ప్రతిచయన పద్ధతి ద్వారా 30 మంది విద్యార్థులను ఎంపిక చేయడమైనది. పరిశోధకురాలు స్వయంగా రూపొందించిన ప్రశ్నావళి ద్వారా దత్తాంశాలు సేకరించడమైనది. నైతిక నియమాలు పాటించడమైనది.’

బీఎడ్, డీఎడ్ విద్యార్థుల ప్రాజెక్టు పుస్తకాలు నాలుగైదు తిరగేస్తే ఈ మూడు వాక్యాలు ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులు రాసే చర్యాత్మక పరిశోధనల్లోనూ ఇవే. వీటిలో అబద్ధం ఉండాలనేం లేదు. అయితే చదివినవాడికి మిగిలేది మాత్రం ఏమీ ఉండదు. ఎవరిని, ఎందుకు ఎంచుకున్నారు? ప్రశ్నావళి దేన్ని కొలిచింది? ఏ నియమం, ఎలా పాటించారు? పరిశోధనా పద్ధతి అనే అధ్యాయం ఉన్నదే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి. ‘ఇలా చేశాను’ అని రాసిన ప్రతిచోటా ‘ఎందుకంటే’ అని ఇంకో వాక్యం రావాలి. ఆ రెండో వాక్యం రాయబోయి తడబడితే, లోపం రాతలో కాదు, చేసిన పనిలోనే ఉందన్నమాట.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెప్పే టీచరమ్మ ఒకరు ఉన్నారనుకోండి. హాజరుపట్టీలో 32 మంది పిల్లలు. గుణింతాలదాకా చాలామంది బాగానే చదువుతున్నారు, ఒత్తులు వచ్చేసరికి ఆగిపోతున్నారు. ‘చెట్టు’ను ‘చెటు’ అంటారు, ‘పద్మ’ను ‘పదమ’ అంటారు. ద్విత్వాల దగ్గర ఎక్కువ తప్పుతున్నారా, సంయుక్తాల దగ్గరా, ఆ తప్పులు ఏ రకంవి అన్నది ఆమె ప్రశ్న. చిన్న ప్రశ్నే. చిన్నది కాబట్టే ఒక తరగతిలో తేలుతుంది.

ఈ ప్రశ్నకు యాదృచ్ఛిక ఎంపికతో పనే లేదు. పెద్ద సమూహంలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండేలా చీటీలు తీసినట్టు కొందరిని తీసి, వాళ్ళను బట్టి మొత్తం సమూహం గురించి చెప్పడానికి పనికొచ్చే పద్ధతి అది. జిల్లాలోని మూడో తరగతి పిల్లలందరి జాబితా నుంచి చీటీలు తీసి ఉంటే ఆ మాటకు అర్థం ఉండేది. తన తరగతిలో తన ముందు కూర్చున్న పిల్లల్ని తీసుకుని ‘యాదృచ్ఛికం’ అంటే అది పేరు తగిలించడమే. కొందరు హాజరుపట్టీలో మొదటి పదిహేను మందిని తీసుకుని ఈ మాట రాస్తారు. చాలా బడుల్లో పట్టీలో అబ్బాయిల పేర్లు ముందు, అమ్మాయిల పేర్లు తర్వాత ఉంటాయి. ఆ లెక్కన మొదటి పదిహేను మందిలో ఒక్క అమ్మాయి కూడా ఉండకపోవచ్చు.

ఇక 30 అనే సంఖ్య మోజు. గణాంకశాస్త్రంలో సగటుల గురించి చెప్పేటప్పుడు వాడే ఒక ఉజ్జాయింపు అంకె మన ప్రాజెక్టుల్లోకి వచ్చేసరికి శాసనమై కూర్చుంది. తరగతిలో 22 మందే ఉంటే పక్క తరగతి నుంచి ఎనిమిది మందిని అరువు తెచ్చి 30 చేసినవాళ్ళున్నారు. ఇద్దరు వేర్వేరు టీచర్ల దగ్గర చదువుకున్న పిల్లల్ని కలిపేశాక వచ్చిన ఫలితం దేని గురించో ఎవరికీ తెలియదు.

మన టీచరమ్మ ముందు సూటైన దారి ఒకటుంది. తరగతి మొత్తాన్నీ తీసుకోవడం. పద్ధతి అధ్యాయంలో ఆమె ఇలా రాయవచ్చు: ‘ఈ తరగతి పిల్లల పఠన దోషాలను తెలుసుకోవడమే ఉద్దేశం కాబట్టి, నమూనా తీయకుండా తరగతిలోని పిల్లలందరినీ తీసుకున్నాను. ఫలితాలు ఈ తరగతికే వర్తిస్తాయి. ఇలాంటి పరిస్థితులున్న ఇతర తరగతుల ఉపాధ్యాయులు పోల్చి చూసుకునేందుకు వీలుగా బడి, ఊరు, పిల్లల ఇంటి భాషల వివరాలు ఇచ్చాను.’ ఈ మూడు వాక్యాలకు ఏ పరీక్షకుడూ అడ్డు చెప్పలేడు. మొత్తం తీసుకున్నారు కనుక ఎంపికలో పక్షపాతం లేదు. ఎంతవరకు నమ్మాలో కూడా ఆమే చెప్పేశారు.

అందరినీ తీసుకున్నా అందరూ చివరిదాకా మిగలరు. అసలు కథ ఇక్కడే ఉంటుంది, చాలామంది దాచిపెట్టేదీ దీన్నే. 32 మందిలో ఇద్దరు రెండు నెలలుగా బడికి రావడం లేదు. ఒక బాబు తల్లిదండ్రులు వద్దన్నారు. ఒక పాప తనే వద్దంది. మిగిలింది 28 మంది. ఈ లెక్కంతా నాలుగు వాక్యాల్లో అలాగే రాయాలి. రానివాళ్ళిద్దరూ ఎందుకు రాలేదో కూడా రాయాలి. మిరప కోతలప్పుడు కర్నూలు పశ్చిమ మండలాల నుంచి గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళ్తాయి. అలా వెళ్ళిన పిల్లలే చదువులో వెనకబడే ప్రమాదం ఎక్కువ. వాళ్ళు లేకుండా తరగతిని కొలిస్తే తరగతి ఉన్నదానికంటే కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. ‘ఇద్దరు గైర్హాజరు’ అని రాసి వదిలేస్తే ఈ సంగతి చదివేవాళ్ళకు అందదు. ప్రతిపాదనలో ‘32 మందిని తీసుకుంటాను’ అని రాసుకున్న వాక్యాన్నే తుది నివేదికలో ‘తీసుకున్నాను’ అని మార్చి అతికించేవాళ్ళు పట్టికల దగ్గర దొరికిపోతారు. పట్టికలో కూడితే 28 వస్తుంది.

28 మందిలో ఒక్కో బిడ్డ విలువ మూడున్నర శాతం దాకా ఉంటుంది. అందుకే ‘39.29 శాతం మంది’ అని రాయడం కంటే ‘28 మందిలో 11 మంది’ అని రాయడం నిజాయితీ. దశాంశాలు పెడితే లేని సూక్ష్మత ఉన్నట్టు భ్రమ కలుగుతుంది.

చదివించడం అయ్యాక, ఎందుకలా చదివారో తెలుసుకోవడానికి ఆరుగురితో విడిగా మాట్లాడాలని టీచరమ్మ అనుకున్నారు. ఇక్కడ మాత్రం ఎంపిక కావాలి, అదీ ఉద్దేశపూర్వకంగా. బాగా చదివినవాళ్ళలో ఇద్దరు, మధ్యరకంలో ఇద్దరు, ఎక్కువ తప్పులు చేసినవాళ్ళలో ఇద్దరు. తప్పులు చేసినవాళ్ళనే పిలిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే ఒత్తును బాగా చదివే పిల్ల దాన్ని ఎలా గుర్తుపడుతుందో తెలియకపోతే, చదవలేని పిల్లాడు ఎక్కడ తప్పుతున్నాడో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఇంకో కారణం బడి లోపలిది. చదవలేని ఆరుగురినే ఒక్కొక్కరిగా వరండాలోకి పిలిస్తే, మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేలోపు వాళ్ళకు తరగతిలో ఒక పేరు పడిపోతుంది. నమూనా ఎంపిక, పిల్లల గౌరవం రెండూ ఒకే నిర్ణయంలో ఉన్నాయి కాబట్టి రెండు కారణాలనూ ఒకేచోట రాయడం మంచిది.

ఇప్పుడు పరికరం. చదవడాన్ని రాత పరీక్షతో కొలవలేం. ప్రశ్న చదవలేని పిల్లాడు జవాబు తెలిసినా రాయలేడు. అందుకే 2005 నుంచి ‘ప్రథమ్’ సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్న అసర్ సర్వేలో ఒక్కో బిడ్డనూ విడిగా కూర్చోబెట్టి పైకి చదివిస్తారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అని అందులో మెట్లుంటాయి. ‘ఉన్న పరికరం ఉండగా కొత్తది ఎందుకు తయారు చేశారు?’ అని పరీక్షకుడు తప్పక అడుగుతాడు. అసర్ సాధనం బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో చెబుతుంది. ఏ ఒత్తు దగ్గర, ఎలా తప్పాడో చెప్పడం దాని పని కాదు. టీచరమ్మ ప్రశ్న రెండోది కాబట్టి కొత్త పదపట్టిక కావాల్సి వచ్చింది. ఈ సమర్థన అధ్యాయంలో ఉండి తీరాలి. ‘స్వయంగా రూపొందించిన’ అన్న మాట గొప్పగా వినిపిస్తుంది గానీ, అది జవాబు చెప్పుకోవాల్సిన మాట.

పట్టికలో 30 మాటలు. ఒత్తులు లేనివి ఎనిమిది: పలక, గాలిపటం, మామిడి వంటివి. ద్విత్వాలు ఎనిమిది: బొమ్మ, చెట్టు, పువ్వు. సంయుక్తాలు ఎనిమిది: పద్మ, చక్రం, రాత్రి. ఆరు అర్థం లేని కల్పిత పదాలు: నెబ్బు, మిడ్ప, నుక్ర లాంటివి. ఒత్తుల గురించిన పరిశోధనలో ఒత్తులేని మాటలెందుకు? ‘గాలిపటం’ కూడా చదవలేని బిడ్డ ‘చక్రం’ దగ్గర తప్పితే ఆ తప్పు ఒత్తుది అనలేం. కల్పిత పదాలెందుకు? ‘అమ్మ’ లాంటి మాటను పిల్లలు చదవరు, బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. ఎప్పుడూ చూడని ‘నెబ్బు’ను చదివితే ఒత్తు నిజంగా వచ్చినట్టు. అయితే వీటికి అర్థం లేదని పిల్లలకు ముందే చెప్పాలి. లేకపోతే కొందరు ‘నెబ్బు’ను చూసి ఆలోచించి ‘డబ్బు’ అంటారు. ఈ నాలుగు రకాలనూ కలగాపులగం చేసి అచ్చువేయాలి. సంయుక్తాలన్నీ చివర పెడితే తప్పు అలసట వల్ల వచ్చిందో, ఒత్తు వల్ల వచ్చిందో విడదీయలేం.

పట్టిక తయారవగానే తరగతిలోకి వెళ్ళకూడదు. ఈ పరిశోధనలో లేని పిల్లలు, అంటే పక్క ఊరి బడిలోని అయిదారుగురి దగ్గర ముందు వాడి చూడాలి. ప్రాజెక్టుల్లో ‘పైలట్ స్టడీ నిర్వహించడమైనది’ అని ఒక్క ముక్కలో తేల్చేసే ఘట్టం ఇదే. నిజానికి పద్ధతి అధ్యాయంలో చదవదగ్గ భాగం ఇదే కావాలి. ఇక్కడ ఏం బయటపడుతుందో చూడండి. ‘రాత్రి’ అన్న మాట చూసి ఒక పాప ‘రాతిరి’ అంది. తప్పా, ఒప్పా? వాళ్ళింట్లో అందరూ అలాగే అంటారు. ఆ పాప రావత్తు చదివి, అర్థం తెలిసి, తన మాటలో పలికి ఉండవచ్చు. ఒత్తు రాక విడదీసి ఉండవచ్చు కూడా. విన్నవాళ్ళెవరూ తేల్చలేరు. ‘సూర్యుడు’ను ‘సూరీడు’ అన్నా, ‘చక్రం’ను ‘చక్కరం’ అన్నా ఇదే చిక్కు. కాబట్టి ఇంటి మాటలో మరో రూపం ఉన్న పదాలను పట్టికలోంచి తీసేయాలి. ‘రాత్రి’, ‘చక్రం’ పోయి వేరే మాటలొచ్చాయి. ఎందుకు తీసేశారో రాస్తే, ఈ టీచరమ్మకు తెలుగు పిల్లలు ఎలా మాట్లాడతారో తెలుసని చదివేవాళ్ళకు అర్థమవుతుంది.

ఉచ్చారణకూ ఇలాంటి నియమమే కావాలి. ‘చెట్టు’ను ‘సెట్టు’ అంటే ఒప్పు, ఎందుకంటే కొలుస్తున్నది టావత్తును గానీ చకారాన్ని కాదు. ‘చెటు’ అంటే తప్పు. వెంటనే తనే దిద్దుకుంటే ఒప్పు. అయిదు సెకన్లు చూసినా చదవకపోతే ‘పర్లేదు, తర్వాతది చూద్దాం’ అని ముందుకెళ్ళాలి. ఈ నియమాలను నివేదికలో అలాగే అచ్చువేయాలి. అప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో టీచరు ఇదే పట్టికతో ఇదే పని చేయగలరు. పైలట్‌లో తేలే ఇంకో సంగతి జిరాక్సు. పది చోట్ల తిరిగిన కాపీలో కింద ఉన్న ఒత్తు మసకబారుతుంది. పిల్లాడు చదవలేకపోయాడా, అసలు కనిపించలేదా?

సప్రమాణత, విశ్వసనీయత అన్న రెండు మాటలు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటాయి. మొదటిది, కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా అన్న ప్రశ్న. పైన చెప్పిన పదాల ఎంపికంతా దానికి జవాబే. దానికితోడు ఏళ్ళ తరబడి మూడో తరగతి చెప్పినవాళ్ళు ఇద్దరు పట్టిక చూసి ఏ మాటలు మార్చమన్నారో రాస్తే చాలు. రెండోదానికి లెక్క కావాలి. ఆరుగురు పిల్లలు చదివిన రికార్డింగులను టీచరమ్మ, ఆమె తోటి టీచరు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా విని దిద్దారనుకుందాం. ఆరుగురికి ముప్పై చొప్పున 180 మాటలు. 140 మాటల్ని ఇద్దరూ ఒప్పన్నారు, 26 మాటల్ని ఇద్దరూ తప్పన్నారు, 14 దగ్గర విభేదించారు. 180లో 166 చోట్ల ఏకీభవించారు, అంటే 92 శాతం. ఇక్కడ ఆగిపోయి సంబరపడేవాళ్ళే ఎక్కువ. కానీ పిల్లలు ఎక్కువ మాటల్ని ఎటూ సరిగ్గానే చదివారు, వాటి దగ్గర ఏకీభవించడం కష్టమేం కాదు. మనకు కావలసింది తప్పుల లెక్క. కనీసం ఒకరైనా తప్పన్న మాటలు 40. వాటిలో ఇద్దరూ తప్పన్నవి 26 మాత్రమే, అంటే 65 శాతం. తప్పుల మీద జరిగే పరిశోధనలో ఇది ఆలోచించాల్సిన అంకె. 14 మాటల్నీ మళ్ళీ కలిసి విని, గొడవ ఎక్కడ వస్తోందో చూసి, నియమాన్ని స్పష్టం చేసి, మిగతా రికార్డింగులు దిద్దాలి. రెండు అంకెలూ, చేసిన మార్పూ నివేదికలో పెడితే ఆ అధ్యాయానికి బలం వస్తుంది. అంకె తక్కువని దాచడం వల్ల బలం రాదు.

ఇక నైతిక జాగ్రత్తల మాట. హెడ్మాస్టరు అనుమతి, అవసరమైనచోట మండల విద్యాశాఖాధికారి అనుమతి మొదట తీసుకోవాలి. అయితే అవి బడిలో పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతులు. పిల్లల గొంతు రికార్డు చేయడానికి తల్లిదండ్రుల అంగీకారం వేరుగా కావాలి. చదువురాని తల్లికి అంగీకార పత్రం ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం కాదు. వాళ్ళు మాట్లాడే తెలుగులో చదివి వినిపించి, అడిగినవాటికి జవాబు చెప్పి, ఆమెకు తెలిసిన మూడో మనిషి సాక్షిగా ఉండగా తీసుకోవాలి. ‘వద్దంటే మా వాడికి ఏమన్నా అవుతుందా టీచరమ్మా?’ అని ఏ తల్లైనా అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు పత్రంలోనే ముందుగా ఉండాల్సింది.

తర్వాత బిడ్డ ఒప్పుకోలు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల దగ్గర నోటిమాటగా, ఆపైన 18 దాకా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. అవి ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే అయినా, బడిలో పనికి కూడా కొలబద్దగా పనికొస్తాయి. ఎనిమిదేళ్ళ పిల్లకు టీచరమ్మ ఇలా చెప్పవచ్చు: ‘మన తరగతిలో పిల్లలు ఒత్తులున్న మాటల్ని ఎలా చదువుతారో చూడాలనుందిరా నాకు. కొన్ని మాటలు చూపిస్తా, చదువు. ఫోన్లో నీ గొంతు రికార్డవుతుంది. దీనికి మార్కులుండవు. ఇష్టం లేకపోతే వద్దను, మధ్యలో ఆపేసినా నేనేం అనను.’

చెప్పడం తేలికే. టీచరు అడిగితే వద్దనే ధైర్యం ఏ మూడో తరగతి బిడ్డకుంటుంది? చర్యాత్మక పరిశోధనలో అడిగేవాళ్ళూ, మార్కులేసేవాళ్ళూ ఒకరే కావడం దాని మూలంలోనే ఉన్న చిక్కు. దీన్ని ‘పిల్లలు స్వచ్ఛందంగా పాల్గొన్నారు’ అనే వాక్యంతో కప్పకూడదు. ఒప్పుకోలు అడిగే పని పక్క తరగతి టీచరు చేయవచ్చు. మాటకు బదులు ఎరుపు, ఆకుపచ్చ కార్డులు ఇవ్వవచ్చు. అన్నిటికంటే, నోటితో చెప్పని ‘వద్దు’ను పట్టుకోవాలి. తల దించుకుని కూర్చోవడం, కడుపునొప్పి అనడం, పిలిచినప్పుడల్లా నీళ్ళు తాగడానికి వెళ్ళడం. ఇవి కనిపిస్తే ఆపేస్తానని ముందే నిర్ణయించుకుని, ఎన్నిసార్లు ఆపారో రాయాలి. ఆ 32 మందిలో వద్దన్న పాప అసలు వద్దనలేదు, రెండో పదం దగ్గర ఏడుపు మొహం పెట్టింది. నివేదికలో అలాగే రాయాలి.

ఇంకో ముడి ఉంది. చదివించడం తరగతి పనే కదా, దానికి అనుమతెందుకు అనవచ్చు. నిజమే, పాఠంలో భాగంగా చదివించడానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. అంగీకారం కావలసింది దాన్ని రికార్డు చేసి, పరిశోధనగా వాడుకోవడానికి. కాబట్టి వద్దన్న బాబు కూడా అందరిలాగే టీచరమ్మ దగ్గర కూర్చుని చదవవచ్చు, అతనికి కావలసిన ఒత్తుల పాఠమూ అందాలి. అతని రికార్డింగు మాత్రం ఉండదు, అంకె పట్టికలోకి రాదు. ఈ తేడాను రెండు వాక్యాల్లో రాస్తే, వద్దన్న పిల్లలు ఏమీ నష్టపోలేదని తెలుస్తుంది.

చదివించే చోటు కూడా రాయదగ్గ విషయమే. మూసిన గదిలో ఒక బిడ్డ, ఒక పెద్ద మనిషి ఒంటరిగా ఉండకూడదు. అందరి మధ్యా చదివిస్తే తప్పులు అందరికీ వినిపిస్తాయి. అందరికీ కనిపించేలా, ఎవరికీ వినిపించనంత దూరంలో వరండా చివర కూర్చోవడం ఈ రెంటికీ మధ్య దారి. చివరి నాలుగు మాటలు ఎవరైనా చదవగలిగేవి పెడితే, బిడ్డ లేచి వెళ్ళేటప్పుడు చదవగలిగానన్న భావంతో వెళ్తాడు. పట్టికను కలగాపులగం చేసినప్పుడు ఈ ఒక్క మినహాయింపు ఉంచుకున్నానని రాయాలి.

‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని మాత్రం పిల్లలకు మాటివ్వకూడదు. ఎందుకు చదవలేకపోతున్నావని అడిగితే ఒక బిడ్డ ఇంట్లో జరుగుతున్నదేదో బయటపెట్టవచ్చు. అది లైంగిక హింస అయితే, తెలిసినవాళ్ళు పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. అందుకే ‘నీకు ఎవరివల్లయినా ఇబ్బంది ఉందని తెలిస్తే మాత్రం సాయం చేసేవాళ్ళకు చెబుతా’ అన్న మాట ఒప్పుకోలులోనే ఉండాలి.

పేర్లు మార్చినంత మాత్రాన గోప్యత రాదు. పేరు బదులు రోల్ నంబరు వేస్తే బడిలో అందరికీ తెలిసిపోతుంది. ‘తండ్రి గల్ఫ్‌లో ఉన్న, తండా నుంచి వచ్చే ఏకైక అమ్మాయి’ అని రాస్తే ఊరంతా పేరు చెప్పేస్తుంది. పిల్లలకు వరుసతో సంబంధం లేని సంకేతాలు ఇచ్చి, ఏ సంకేతం ఎవరిదో చెప్పే కాగితాన్ని రికార్డింగులకు దూరంగా దాచాలి. మన ప్రాజెక్టు పుస్తకాల చివర అనుబంధంలో పిల్లల ఫొటోలు అంటించే అలవాటు ఒకటుంది. సంకేతాలతో ఇంత కష్టపడి, చివరి పేజీలో మొహాలు చూపించడం నాకెప్పుడూ అర్థం కాదు. పని చేసినట్టు రుజువు కావాలంటే పదపట్టిక, మార్కుల పత్రం నమూనా సరిపోతాయి. గొంతు కూడా ఆనవాలే. డిజిటల్ వ్యక్తిగత డేటా మీద 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళను పిల్లలుగానే లెక్కిస్తుంది. ఆ రికార్డింగులు టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళకూడదు. ఏ ఫోన్లో చేశారు, తాళం ఉందా, ఎప్పుడు చెరిపేస్తారు అన్నవి తేదీతో సహా రాయాలి. మౌఖిక పరీక్ష అయ్యాక ఫలానా నెలలో చెరిపేస్తానని తల్లిదండ్రులకు మాటిచ్చి ఉంటే, ఆ నెలలో చెరిపేసి, సంకేతాల కాగితాన్ని కూడా చించేయాలి.